ఇంగ్లీషులో చదివిన సైన్సును తెలుగులో రాయాలంటే

"నేను ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా ఇంగ్లీషు మీడియంలోనే చదివాను. ఇప్పుడు రాయబోయే ఉద్యోగ పరీక్షకు తెలుగు మాధ్యమం ఎంచుకున్నాను. చరిత్ర, రాజ్యాంగం వంటివన్నీ తెలుగు పుస్తకాల్లోనే చదివాను కాబట్టి అవి తెలుగులో రాయడమే నాకు సులువు. సామాన్య శాస్త్రం దగ్గర మాత్రం చిక్కుకుపోయాను. పదో తరగతి స్థాయిలో వివరణాత్మక ప్రశ్నలు ఇస్తారు. నిఘంటువు ముందు పెట్టుకుని ఆరు వందల మాటల పట్టిక తయారు చేసుకున్నాను. మాదిరి పరీక్షలో 'బల్బు శక్తి 100 వాట్లు' అనీ, 'నీటిలో మూడు అణువులు కలిసి ఉంటాయి' అనీ రాస్తే రెండు చోట్లా మార్కులు పోయాయి. ఇంకా ఆరు వారాలే ఉంది. పుస్తకంలోని మాటలకు సరిపోయే పట్టిక ఇవ్వగలరా? లేకపోతే ఇంగ్లీషు మాటలనే తెలుగు లిపిలో రాసేయనా? మాధ్యమం మార్చుకోమంటారా?"

ముందు మార్కులు పోయిన ఆ రెండు వాక్యాలనే చూద్దాం, ఎందుకంటే మీ ఇబ్బంది మొత్తం వాటిలోనే ఉంది. మీ నిఘంటువు తప్పు చెప్పలేదు. పవర్ అన్న మాటకు శక్తి అన్న అర్థం ఉంది, ఆటమ్ అన్న మాటకు అణువు అన్న వాడుకా ఉంది. అయితే ఆ అర్థాలు పత్రికల్లోనూ, మాటల్లోనూ చెల్లుతాయి. పాఠ్యపుస్తకం ఈ మాటలనే తీసుకుని, ఒక్కొక్కదానికీ ఒకే అర్థాన్ని కట్టబెట్టి, పక్క మాటతో కలవకుండా హద్దు గీసుకుంది. ఆ హద్దు నిఘంటువులో కనిపించదు. అందువల్ల నేను మరో ఆరు వందల మాటల పట్టిక పంపినా మీకు ఇదే చిక్కు మళ్లీ ఎదురవుతుంది.

పవర్ సంగతి చూడండి. తెలుగు పాఠ్యపుస్తకంలో వర్క్ అంటే పని, ఎనర్జీ అంటే శక్తి, పవర్ అంటే సామర్థ్యం. పని జరిగే రేటు సామర్థ్యం. దాన్ని వాట్లలో కొలుస్తారు. శక్తిని జౌళ్లలో కొలుస్తారు. 100 వాట్ల బల్బు పది గంటలు వెలిగితే వెయ్యి వాట్ గంటలు, అంటే ఒక కిలోవాట్ గంట విద్యుత్ శక్తి ఖర్చవుతుంది. మీటరు మీద మనం ఒక యూనిట్ అని చదివేది దీన్నే. ఇక్కడ వంద అన్నది సామర్థ్యం, ఒక యూనిట్ అన్నది శక్తి. "బల్బు శక్తి 100 వాట్లు" అని మీరు రాసినప్పుడు, పేపరు దిద్దేవారికి మీరు తెలుగు మాట మరిచిపోయినట్టుగా కాక, శక్తికీ సామర్థ్యానికీ తేడా తెలియనట్టుగా కనిపిస్తుంది. మీకు ఆ తేడా బాగా తెలిసినా సరే, వారి ముందున్నది ఆ వాక్యం ఒక్కటే.

అణువు కథ ఇంకొంచెం లోతైనది. పాఠ్యపుస్తకంలో ఆటమ్ అంటే పరమాణువు, మాలిక్యూల్ అంటే అణువు. నీటి అణువు ఒక్కటే, అందులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయి. కానీ పత్రికలు అణుబాంబు అంటాయి, అణు విద్యుత్ కేంద్రం అంటాయి. ఆ వాడుకలో అణువు అంటే పరమాణువే, నిజానికి దాని కేంద్రకం. ఆ పేర్లను మార్చడం మీ పని కాదు. అణు విద్యుత్ కేంద్రం అని పేరుగా రాయవలసి వస్తే అలాగే రాయండి. అందులో జరిగే చర్యను వివరించవలసి వచ్చినప్పుడు మాత్రం కేంద్రక విచ్ఛిత్తి అని రాయాలి, సూర్యునిలో జరిగేదాన్ని కేంద్రక సంలీనం అనాలి. పేరుకు ఒక వాడుక, వివరణకు ఒక వాడుక అని గుర్తుంచుకుంటే ఇక్కడ తడబాటు ఉండదు.

దీనికి తిరగేసిన ఇబ్బంది కూడా ఉంది. ఇంగ్లీషులో రెండు వేరు మాటలున్న చోట తెలుగులో ఒక్కటే ఉండవచ్చు. కణం అంటే జీవశాస్త్రంలో సెల్, భౌతికశాస్త్రంలో పార్టికల్. మీ పట్టికలో కణం ఎదురుగా ఒక్క అర్థమే రాసుకుని ఉంటే, పదార్థం కణాలతో నిర్మితమైంది అన్న వాక్యం చదవగానే గందరగోళపడతారు. కాబట్టి ప్రతి మాటనూ అది వచ్చే పాఠంతో కలిపి రాసుకోవాలి.

ఇక రెండు మాటలు నిజంగా ఒకదానికొకటి సరిపోతాయో లేదో తేల్చేది ఏమిటి? భౌతికశాస్త్రంలో దీనికి చక్కని ఆధారం ఉంది. ప్రమాణం, సూత్రం, నిర్వచనం ఈ మూడూ ఏ భాషలోనూ మారవు. తెలుగు పుస్తకంలో ఒక రాశి పేరు చూసినప్పుడు, దాని ఇంగ్లీషు పేరు ఏమై ఉంటుందని ఊహించే ముందు పక్కనే ఉన్న ప్రమాణం చూడండి. వడి, వేగం రెండింటికీ మామూలు మాటల్లో తేడా లేదు. బండి వడిగా పోతోందన్నా, వేగంగా పోతోందన్నా ఒకటే. పుస్తకంలో వడి అంటే స్పీడ్, వేగం అంటే వెలాసిటీ. రెండింటికీ ప్రమాణం కూడా ఒకటే, మీటర్ పర్ సెకన్, కాబట్టి ఇక్కడ ప్రమాణం ఒక్కటీ చాలదు, నిర్వచనం దాకా వెళ్లాలి. వడి దూరం మీద ఆధారపడుతుంది, వేగం స్థానభ్రంశం మీద, అంటే బయల్దేరిన చోటి నుంచి చేరిన చోటికి తిన్నగా ఉన్న ఎడం మీద. 400 మీటర్ల గుండ్రటి బాటను ఒకరు 80 సెకన్లలో చుట్టి మొదలుపెట్టిన చోటికే వచ్చారనుకోండి. వారి సరాసరి వడి సెకనుకు 5 మీటర్లు, సరాసరి వేగం సున్నా, ఎందుకంటే స్థానభ్రంశం సున్నా. ఈ లెక్కను ఒకసారి తెలుగులో పూర్తిగా రాసి చూస్తే వడి, వేగం, దూరం, స్థానభ్రంశం నాలుగూ వాటి స్థానాల్లో కూర్చుంటాయి. పట్టికలో నలభైసార్లు చదివినా ఆ పని జరగదు.

ఉష్ణం, ఉష్ణోగ్రత కూడా ఇలాంటి జంటే. మొదటిదానికి ప్రమాణం జౌల్, రెండోదానికి కెల్విన్. బయట వేడి అన్న ఒక్క మాట రెండింటికీ సరిపోతుంది, జవాబులో సరిపోదు. ద్రవ్యరాశి, భారం కూడా అంతే: కిలోగ్రాము మొదటిది, న్యూటన్ రెండోది.

ఇప్పుడు ఏ పుస్తకం అన్న ప్రశ్న. మీ దగ్గర ఉన్న నిఘంటువును ఈ ఆరు వారాలూ పక్కన పెట్టండి. ప్రభుత్వ పాఠశాలలకు ఇచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు దొరికితే అవే మీకు అసలైన నిఘంటువు. వాటిలో ఒక పుటలో ఇంగ్లీషు, ఎదురు పుటలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. మీకు ఇంగ్లీషు పుట అంతా ఇదివరకే తెలిసినది కాబట్టి, తెలుగు పుట చదువుతుంటే మాటకు మాటే కాక, వాక్యానికి వాక్యం జతపడుతుంది. అవి దొరకకపోతే ఒకే తరగతికి చెందిన ఇంగ్లీషు, తెలుగు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకున్నా చాలు. ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయి తెలుగు పుస్తకాలు 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ప్రచురించినవి. వాటి పరిభాష నమ్మదగినదే గానీ, పాఠశాల పుస్తకాల్లోని మాటతో కొన్ని చోట్ల తేడా ఉంటుంది. సంయోజకత అని ఒక చోట, వేలన్సీ అని మరో చోట చూస్తారు. రెండూ తప్పు కావు, కానీ ఒకే జవాబులో రెండూ కలిపి వాడితే అవి రెండు వేరు విషయాలన్న భ్రమ కలుగుతుంది. మీ పరీక్ష పదో తరగతి స్థాయిదంటున్నారు కాబట్టి పాఠశాల పుస్తకం మాటకే కట్టుబడండి.

మాటల నిర్మాణం తెలిస్తే కంఠస్థం చేయవలసిన భారం చాలా తగ్గుతుంది. ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవారికి ఈ మాటలు బరువుగా అనిపించడానికి కారణం, వాటిని విడదీసి చూడకపోవడం. మొమెంటమ్‌ను ద్రవ్యవేగం అంటారు. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది ద్రవ్యవేగం. సూత్రమే పేరులో ఉంది. చివర "ఈభవనం" అని ఉంటే, ఇదివరకు అలా లేనిది అలా కావడం అని అర్థం. ఘనం కానిది ఘనం కావడం ఘనీభవనం, ద్రవం కావడం ద్రవీభవనం, ఆవిరి కావడం బాష్పీభవనం. తిన్నగా వస్తున్న కాంతి రెండో యానకంలోకి వెళ్లేటప్పుడు వంగడం వక్రీభవనం. ఆవిరి తిరిగి ద్రవం కావడాన్ని మాత్రం సాంద్రీకరణం అంటారు, అది ఈ వరుసలో ఇమడదు. ఖనిజాన్ని శుద్ధి చేసే పాఠంలోనూ సాంద్రీకరణం అన్న మాటే మరో అర్థంలో వస్తుంది, జాగ్రత్త. ఆక్సీకరణం పక్కన క్షయకరణం ఉంటుంది, అది రిడక్షన్. లోహం తుప్పు పట్టి తరిగిపోవడం లోహక్షయం, అది కరోజన్. క్షయ అన్న అక్షరాలు కనిపించగానే రెండూ ఒకటే అనుకునేవారు ఉన్నారు. ఇనుము తుప్పు పట్టేటప్పుడు నిజానికి జరిగేది ఆక్సీకరణం. అంటే లోహక్షయంలో ఇనుము ఆక్సీకరణం చెందుతుంది, క్షయకరణం చెందదు. ఇక్కడ తప్పు మాట రాస్తే జవాబు తలకిందులవుతుంది.

విశిష్ట అన్న మాటను కూడా దగ్గరగా చూడండి. స్పెసిఫిక్ హీట్ విశిష్టోష్ణం అన్నది వెంటనే తెలుస్తుంది. రెసిస్టివిటీ దగ్గర మీరు ఆగిపోతారు, ఎందుకంటే తెలుగు పుస్తకం దాన్ని విశిష్ట నిరోధం అంటుంది. రెసిస్టివిటీని ఇంగ్లీషులో స్పెసిఫిక్ రెసిస్టెన్స్ అని కూడా అంటారు, తెలుగు మాట ఆ పేరు నుంచి వచ్చింది. ఇలాంటి చోట మాట పోలిక వెతికితే దొరకదు, ప్రమాణం వెతికితే దొరుకుతుంది: ఓమ్ మీటర్ అని కనిపించగానే అది రెసిస్టివిటీయే.

ఇంగ్లీషు మాటలనే తెలుగు లిపిలో రాసేయవచ్చా అన్నారు. కొంతవరకు రాయవచ్చు, పాఠ్యపుస్తకమూ అదే చేస్తుంది. ఎలక్ట్రాన్, ప్రోటాన్, అయాన్, ఎంజైమ్, హార్మోన్, ఆక్సిజన్, హైడ్రోజన్, కార్బన్ డై ఆక్సైడ్, పొటెన్షియల్ భేదం ఇవన్నీ అలాగే ఉంటాయి. ఆమ్లజని, ఉదజని, బొగ్గుపులుసు వాయువు అనే పాత మాటలు వెతికి తెచ్చి రాయనవసరం లేదు. మీరు పడే ఆ శ్రమకు మార్కులు అదనంగా రావు. మొత్తం మీద పదార్థాలు, కణాలు, ప్రమాణాల పేర్లు చాలావరకు లిపి మార్చుకుని వస్తాయి. రాశులు, ప్రక్రియలు, ధర్మాల పేర్లకు తెలుగు మాటలున్నాయి. యాక్సిలరేషన్, రిఫ్రాక్షన్, ఆక్సిడేషన్ అని తెలుగు లిపిలో నింపేస్తే మీ జవాబు అర్థమవుతుంది గానీ, తెలుగు మాధ్యమం ఎంచుకున్న అభ్యర్థి పాఠ్యపుస్తకం తెరవలేదన్న అభిప్రాయం కలుగుతుంది. కొందరు మార్కులు తగ్గించరు, కొందరు తగ్గిస్తారు. అది దిద్దేవారి మీద ఆధారపడిన విషయం కాబట్టి దాని మీద మీ పరీక్షను నిలబెట్టడం నాకు ఇష్టం లేదు.

మీరు పట్టికలో వెతకని మాటలు ఇంకొన్ని ఉన్నాయి. జవాబు ఆగిపోయేది ఎక్కువగా వాటి దగ్గరే. డైరెక్ట్లీ ప్రపోర్షనల్ అన్నది అనులోమానుపాతం, ఇన్వర్స్లీ అయితే విలోమానుపాతం. క్రాస్ సెక్షన్ వైశాల్యం మధ్యచ్ఛేద వైశాల్యం. సిరీస్ శ్రేణి సంధానం, ప్యారలల్ సమాంతర సంధానం. అనులోమానుపాతం అన్న మాట లేకుండా ఓమ్ నియమాన్ని ఒక్క వాక్యంలో రాయలేరు. ఆ నియమాన్ని ఇంగ్లీషు వరుసలో తెలుగు చేస్తే "విద్యుత్ ప్రవాహం అనులోమానుపాతంలో ఉంటుంది పొటెన్షియల్ భేదానికి, ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు" అన్నట్టు తయారవుతుంది. తెలుగు పుస్తకం షరతును ముందుకు తెస్తుంది: స్థిర ఉష్ణోగ్రత వద్ద వాహకం రెండు చివరల మధ్య పొటెన్షియల్ భేదం, ఆ వాహకం గుండా ప్రవహించే విద్యుత్ ప్రవాహానికి అనులోమానుపాతంలో ఉంటుంది. షరతు ముందు, రాశులు తర్వాత, సంబంధం చివర. ఈ వరుస చేతికి పట్టుబడితే సగం నియమాలు వాటంతట అవే వస్తాయి.

ఒక ప్రశ్న పూర్తిగా చేసి చూపిస్తాను. ఒక తీగను రెట్టింపు పొడవయ్యేలా సాగదీస్తే దాని నిరోధం ఎలా మారుతుంది? మీకు వెంటనే R = ρl/A గుర్తొస్తుంది, జవాబు నాలుగు రెట్లని కూడా తెలుసు. తెలుగులో ఇలా రాయండి: "తీగ నిరోధం దాని పొడవుకు అనులోమానుపాతంలోను, మధ్యచ్ఛేద వైశాల్యానికి విలోమానుపాతంలోను ఉంటుంది. తీగను సాగదీసినప్పుడు దాని ఘనపరిమాణం మారదు కాబట్టి, పొడవు రెట్టింపయితే మధ్యచ్ఛేద వైశాల్యం సగమవుతుంది. అందువల్ల నిరోధం నాలుగు రెట్లవుతుంది. విశిష్ట నిరోధం పదార్థ స్వభావం మీద, ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది కాబట్టి అది మారదు." నాలుగు వాక్యాలు, ఏడెనిమిది సాంకేతిక పదాలు. ఇంతకుముందు మీ పట్టికలో ఈ ఎనిమిదీ ఎనిమిది చోట్ల ఉండి ఉంటాయి. ఇక్కడ ఒకదాన్ని పట్టుకుని ఒకటి నిలబడ్డాయి. నిరోధం అన్న చోట విశిష్ట నిరోధం రాస్తే వాక్యం అబద్ధమవుతుందని మీకే తెలుస్తుంది.

రోజుకు ఒక పాఠం నుంచి ఇలాంటి జవాబులు మూడు రాయమని నా సలహా. ముందు ఎదురెదురు పుటలు చదవండి, పుస్తకం మూసి రాయండి, తర్వాత తెలుగు పుటతో పోల్చి, తేడా వచ్చిన మాటను మాత్రమే నోట్సులోకి ఎక్కించండి. ఆ మాట పక్కన ఇంగ్లీషు పేరు, సంకేతం, ప్రమాణం, అది వచ్చిన వాక్యం ఉండాలి. ఇలా చేస్తే మీ ఆరు వందల పట్టిక నూట యాభై మాటలకు కుదించుకుపోవచ్చు, ఎందుకంటే మిగిలినవి మీకు తెలిసినవో, లిపి మారినవో అయి ఉంటాయి. సరిగ్గా నేర్చుకున్నారో లేదో తెలుసుకోవడానికి తిరగేసి చూసుకోండి: ఎవరైనా తెలుగు పుటలోంచి ఒక వాక్యం చదివితే, మీరు దాన్ని సూత్రంగా రాయగలగాలి. రాయలేకపోతే ఆ మాట మీకు వినికిడిలోనే ఉంది, అర్థంలోకి రాలేదు.

మాధ్యమం మార్చుకోవడం గురించి కూడా నిదానంగా ఆలోచించండి. ముందు మీ నోటిఫికేషన్లో రెండు విషయాలు చూడండి: ఇప్పుడు మార్పుకు అవకాశం ఉందా, ఒక్క పేపరును వేరే భాషలో రాయనిస్తారా. రెండోదానికి అనుమతి ఉంటే, సైన్సు ఒక్కటీ ఇంగ్లీషులో రాయడం మీకు అన్నిటికంటే తేలిక. ఈ ఆరు వారాలూ మిగతా విషయాలకు మిగులుతాయి. అన్ని పేపర్లూ ఒకే భాషలో రాయాలంటే లెక్క మారుతుంది. సైన్సు కోసం మొత్తం ఇంగ్లీషుకు మారితే, చరిత్ర, రాజ్యాంగం పేపర్లలో ఇప్పుడు సైన్సులో పడుతున్న ఇబ్బందే పడతారు, అక్కడ మాటలు ఇంకా ఎక్కువ, వాటికి సూత్రాల ఆసరా కూడా ఉండదు. ఏ పేపరుకు ఎన్ని మార్కులో కాగితం మీద వేసుకుని చూడండి. సైన్సు వాటా చిన్నదైతే తెలుగులోనే ఉండడం నయమని నాకు అనిపిస్తోంది, సగానికి సగం అయితే నేనూ మారడం వైపే మొగ్గుతాను. ఈ నిర్ణయం మొదటి వారంలోనే తీసుకోండి, నాలుగో వారంలో తీసుకుంటే రెండు వైపులా నష్టమే.

పరీక్ష గదిలో ఏదైనా మాట గుర్తు రాకపోతే అక్కడే కూర్చుండిపోవద్దు, దగ్గరగా ఉందనిపించే తెలుగు మాటతో ఊహించి నింపవద్దు. త్వరణం అన్న మాట మరిచిపోయారనుకోండి. "వేగంలో మార్పు రేటు (a), ప్రమాణం m/s²" అని రాసి ముందుకు సాగండి. ఆ జవాబు చివరి దాకా a అనే సంకేతంతోనే నడపండి. ఊహించి శక్తి అనో, బలం అనో రాస్తే తప్పు అవుతుంది. నిర్వచనం, సంకేతం, ప్రమాణం రాస్తే మీరు చెప్పింది సరైనదే అవుతుంది, పేరు ఒక్కటే లోటు.